మాట్లాడగలిగినంత వేగం

అబిగయీలు అలిగితే అరవదు. గిన్నెలు విసిరేయదు, తలుపులు దబాలున వేయదు. నోటికి తాళం వేసుకుంటుంది, అంతే. అడిగితే ఊ అంటుంది, అడక్కపోతే అదీ ఉండదు. ఇరవై రెండేళ్ళ కాపురంలో జీవానందం ఈ పద్ధతికి బాగా అలవాటు పడిపోయాడు. అలిగిన మనిషిని కదిలించకూడదు, కదిలిస్తే ఇంకా బిగుసుకుంటుందని అతని తండ్రి చెప్పిన మాట. అందుకని అతను పేపరు అడ్డం పెట్టుకుని ఓపిగ్గా కూర్చునేవాడు. రెండు రోజులు, మహా అయితే మూడు రోజులు. తర్వాత ఆవిడే వచ్చి కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగేది. అక్కడితో సంధి కుదిరినట్టే.

నిరుడు వానల్లో పట్టిన మౌనం మాత్రం వదల్లేదు. దానికి కారణం జీవానందానికి తెలుసు. తెలిసే నోరెత్తలేదు.

అబిగయీలు తల్లి మగ్దలీనమ్మది పులికాట్ సరస్సు ఒడ్డున ఒక పల్లె. ఆవిడకు బాగాలేదని శనివారం పొద్దున ఫోన్ వచ్చింది. జీవానందం ముత్తుకూరులో ఓడ సరుకుల క్లియరింగ్ ఏజెంటు దగ్గర కాగితాలు చూసే గుమస్తా. ఓడ ఆదివారం కదులుతుంది, కాగితాలు పూర్తి కాలేదు. సూళ్ళూరుపేట దాటాక రోడ్డు మీద నీళ్ళు పారుతున్నాయి, ఒక్కదానివే పోవద్దు, సోమవారం ఇద్దరం పోదాం అన్నాడు. ఆదివారం ఆరాధన ముగిసి గుడి మెట్లు దిగుతుండగా రెండో ఫోన్ వచ్చింది. సోమవారం ఇద్దరూ వెళ్ళారు. శవపెట్టె మూత వేయబోతూ వీళ్ళ కోసం ఆపి ఉంచారు.

అబిగయీలు ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదని జీవానందం తర్వాత చాలాసార్లు అనుకున్నాడు. ఆ తర్వాత ఆవిడ గుడిలో పాట ఎత్తడం మానేసింది. ఊళ్ళో అందరికీ తెలిసిన గొంతు అది, పండుగ ఆరాధనకు ఆవిడే ముందు పాడాలి. పాస్టరుగారు అడిగితే వద్దులెండయ్యా అంది. రాత్రుళ్ళు పడుకోకుండా గోడకు చేరగిలబడి కూర్చునేది. తల్లి కోసం ఏడుస్తోందనుకుని జీవానందం అటు తిరిగి పడుకునేవాడు. ఓదార్చే హక్కు తనకు లేదని అతని నమ్మకం. సిగ్గుపడే మగవాళ్ళకు ఇలాంటి నమ్మకాలు భలే సులువుగా కుదురుతాయి.

ఇలా ఏడాది గడిచాక ఆఫీసులో వైద్య శిబిరం పెట్టారు. కూర్చుని ఉన్న మనిషికి నాడి తొంభై రెండు కొడుతోందని అక్కడి నర్సు రెండుసార్లు చూసి చెప్పింది. జీవానందానికి యాభై దగ్గర పడుతోంది. పొద్దున తొమ్మిదికి కుర్చీలో కూలబడితే భోజనానికి తప్ప లేవడు. టీ కూడా బల్ల దగ్గరికే వస్తుంది. పక్క సీటు పెంచల్ అతన్ని కుర్చీకి మొలిచిన మనిషి అని ఎగతాళి చేసేవాడు. ఆ సాయంత్రం ఎగతాళి మాని తనే బండి మీద డాక్టర్ రోజారమణి దగ్గరికి తీసుకెళ్ళాడు.

ఆవిడ బీపీ చూసింది, ఈసీజీ తీయించింది, రక్తం తక్కువేమోనని, థైరాయిడ్ ఏమోనని పరీక్ష చేయించింది. అన్నీ సవ్యంగానే ఉన్నాయి. జబ్బేమీ లేదు, గుండెకు పని చెప్పకుండా కూర్చోబెట్టారు కాబట్టి ఇలా ఉంది, నడవండి అంది. నాలుగు వారాలకు సరిపడా నడక చెప్పింది. మొదటి వారం తేలిగ్గా పావుగంట, వారానికి ఐదు రోజులు. రెండో వారం ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు, కాస్త చురుగ్గా. మూడో వారం అరగంట, అందులో మధ్యమధ్య రెండేసి నిమిషాలు జోరుగా నడిచి మళ్ళీ తగ్గించాలి. నాలుగో వారం ముప్పై ఐదు, నలభై నిమిషాలు. మొదటి ఐదు నిమిషాలు, చివరి ఐదు నిమిషాలు ఎప్పుడూ నెమ్మదే.

చేతికి కట్టుకునే వాచీ కొనమంటారా అని జీవానందం అడిగాడు. అక్కర్లేదు, మీ వేళ్ళు, గోడ గడియారం చాలు అందావిడ. పొద్దున మెలకువ రాగానే, పక్క మీద నుంచి లేవకముందే, బొటనవేలి కింద మణికట్టు మీద రెండు వేళ్ళు ఆనించి నిమిషం పాటు లెక్కపెట్టాలి. బొటనవేలితో చూడకూడదు, దాని నాడి దానికే తగులుతుంది. ఆ అంకె క్యాలెండర్లో రాయాలి. నిద్ర చాలకపోయినా, జ్వరం తగిలినా, మనసు బాగాలేకపోయినా అంకె పెరుగుతుంది కాబట్టి ఒక్కరోజు అంకెను పట్టించుకోకూడదు. వారానికి సగటు కట్టి, ఈ వారం సగటును పోయిన వారం సగటుతో పోల్చుకోవాలి. నాలుగు వారాల్లో నాలుగైదు తగ్గినా గొప్పే, అసలు తగ్గకపోయినా నడక మానకూడదు.

వేగం ఎంతో ఎలా తెలుస్తుందని అతను అడిగితే ఆవిడ నవ్వింది.

"పక్కన ఎవరినైనా తీసుకెళ్ళండి. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అదీ వేగం. మాట కూడా రాకపోతే ఎక్కువైనట్టు, తగ్గించండి. గుండెలో నొప్పి, కళ్ళు తిరగడం, ఎప్పుడూ లేని ఆయాసం ఉంటే నడక ఆపి నా దగ్గరికి రండి."

ఈ మాటలన్నీ జీవానందం శ్రద్ధగా విన్నాడు. అన్నీ తన గురించేనని విన్నాడు.

ఇంటికొచ్చి తోడు రమ్మని భార్యను ఎలా అడగాలో తెలియక అరగంట సేపు చెప్పులు విప్పకుండా వరండాలో తచ్చాడాడు. చివరికి డాక్టరమ్మ మాట్లాడే తోడు ఉండాలందని తప్పు ఆవిడ మీదికి నెట్టి చెప్పాడు. అబిగయీలు గ్యాసు పొయ్యి తగ్గించి అతని ముఖం వంక కాసేపు చూసింది. సరే వస్తాలెండి అంది. జీవానందానికి నాడి తగ్గుతుందో లేదో అన్న బెంగ ఆ క్షణంలోనే సగం తీరిపోయింది. ఏడాదిగా మాట్లాడని మనిషి పక్కన రోజూ పావుగంట మాట్లాడుకుంటూ నడవడం! వైద్యం ఎవరికో అతనికే తెలియలేదు.

మొదటి రెండు రోజులూ లెక్క తప్పింది. వాళ్ళింట్లో తెల్లవారకముందే లేచి మోకరించి ప్రార్థన చేయడం, ఒక కీర్తన పాడుకోవడం అలవాటు. తర్వాత కాఫీ. జీవానందం ఆ కాఫీ కూడా అయ్యాక తీరిగ్గా నాడి పట్టుకుని, అంకె చూసి బెంబేలెత్తాడు. మోకాళ్ళ మీద నుంచి లేచి, పాట పాడి, కాఫీ తాగి చూస్తే తగ్గుతుందా, లేవకముందు చూడమన్నారు కదా అని అబిగయీలే గుర్తు చేసింది. మూడో రోజు నుంచి దేవుడి కంటే ముందు గడియారాన్ని చూస్తున్నానని నొచ్చుకుంటూనే పక్క మీద లెక్కపెట్టుకున్నాడు. ఎనభై ఆరు వచ్చింది.

ఊరు దాటితే రొయ్యల గుంటలు. వాటి మధ్య కట్ట మీద మట్టిరోడ్డు ఉంది. పెద్దరోడ్డు మీద బొగ్గు లారీలు తెల్లవార్లూ తిరుగుతుంటాయి, ఆ దుమ్ములో నడిస్తే ఉన్న ఊపిరి పోతుంది. అందుకని కట్ట మీదికి వెళ్ళేవాళ్ళు. గుంటల్లో నీళ్ళు చిలికే చక్రాలు గుడగుడలాడుతుండేవి. ఆ వారం వేగం ఏమంత లేదు కాబట్టి అబిగయీలు మాట్లాడింది. మొదట గుంట కాపలావాడి కుక్క గురించి, తర్వాత పాస్టరుగారి కోడలి గురించి, శుక్రవారం వచ్చేసరికి తల్లి గురించి మాట్లాడింది. చిన్నప్పుడు తనకు కీళ్ళు వాచి జ్వరమొస్తే మగ్దలీనమ్మ తనను ఎత్తుకుని పడవ దాటించి ఆసుపత్రికి తీసుకెళ్ళిన సంగతి చెప్పింది. జీవానందం ఊ కొడుతూ విన్నాడు. క్షమించమనే మాట నోటి దాకా వచ్చింది. తొందరేముంది, ఇంకా మూడు వారాలున్నాయిగా అనుకుని ఊరుకున్నాడు.

రెండో వారం కాస్త చురుకు పెంచాడు. అబిగయీలు మాటలు తగ్గాయి. బుధవారానికి ఊ, ఆ అనడం దాకా వచ్చింది. గురువారం అవీ లేవు.  తల్లి మాటలు ఎత్తుకోవడం వల్ల పాత గాయం రేగిందనీ, ఆవిడ మళ్ళీ అలిగిందనీ జీవానందం అనుకున్నాడు. అనుకోవడమేమిటి, ఖాయం చేసుకున్నాడు. అలిగిన మనిషిని కదిలించకూడదు కదా! నడిచినంత సేపూ తను కూడా నోరు మూసుకున్నాడు. ఇంటికి రాగానే ఆవిడ వరండా అరుగు మీద కూర్చుండిపోయేది. కాఫీ పెట్టడానికి లేవడానికి చాలాసేపు పట్టేది. అలకలో ఇదొక కొత్త మెట్టు అనుకుని అతనే పాలు కాచుకున్నాడు.

క్యాలెండర్లో అంకెలు మాత్రం దిగుతున్నాయి. మొదటి వారం సగటు ఎనభై ఐదు, రెండో వారం ఎనభై మూడు. పెంచల్ ఆఫీసులో అందరికీ టీ ఇప్పించాడు.

మూడో వారం జోరు నడక మొదలైంది. రెండు నిమిషాలు వేగంగా వెళ్ళి, ఆగి, వెనక్కి చూస్తే అబిగయీలు ఎక్కడో ఉండేది. మొదటి రోజు ఆగాడు. రెండో రోజు కూడా ఆగాడు. ఆవిడ తల వంచుకుని వచ్చి పక్కన నిలబడేది, ముఖంలోకి చూసేది కాదు. తనతో కలిసి నడవడం ఇష్టం లేక కావాలని వెనకబడుతోందని జీవానందానికి ఉక్రోషం వచ్చింది. తప్పు చేసినవాడికి కూడా ఉక్రోషం వస్తుంది, పైగా ఎక్కువ వస్తుంది. ఆ వారం చివర్లో ఒకరోజు, కట్ట మలుపు దగ్గర వెనక్కి తిరిగి చూశాడు. కరెంటు స్తంభానికి చెయ్యి ఆనించి అబిగయీలు నిలబడి ఉంది. ఇటే చూస్తోంది. నిలబడనీ, నీకంత పంతముంటే నాకూ ఉంది అనుకుని జీవానందం ముందుకు నడిచాడు. ఆ పూట నడక చాలా బాగా సాగింది. పాట పాడలేనంత, మాట్లాడగలిగినంత వేగం. మాట్లాడటానికి పక్కన ఎవరూ లేరు, అంతే.

ఆ సాయంత్రం అతనే ఒకసారి అన్నాడు, రేపటి నుంచి రాకపోయినా ఫర్వాలేదని. వస్తాలెండి అందావిడ. అంతకంటే పొడుగు మాట రాలేదు.

నాలుగో వారం సోమవారం పక్క మీద లెక్కపెట్టుకుంటే డెబ్బై తొమ్మిది వచ్చింది. జీవానందం ఆ అంకెను పట్టుకుని హుషారుగా కట్ట ఎక్కాడు. ఒక్కరోజు అంకెకు మురిసిపోవద్దని డాక్టరమ్మ చెప్పిందని తెలుసు, అయినా మురిశాడు. మలుపు దాటి చాలా దూరం వెళ్ళాక వెనక అడుగుల చప్పుడు లేదని గమనించాడు. చూస్తే రోడ్డు మీద ఎవరూ లేరు. మోటారు షెడ్డు నీడలో తెల్ల చీర కనపడింది. కాసేపు ఆగాడు. ఆవిడ లేవలేదు. విసుక్కుంటూ వెనక్కి నడిచాడు.

అబిగయీలు షెడ్డు గోడకు ఆనుకుని కూర్చుంది. నుదుటి మీద చెమట, పెదవులు నల్లబడి ఉన్నాయి. నోరు తెరిచి గాలిని మింగుతోంది. కోపం అనే మాట జీవానందం తలలోంచి ఒక్కసారిగా ఎగిరిపోయింది.

"ఏమ్మే, ఏమైంది?"

ఆవిడ జవాబు చెప్పలేదు, చెప్పలేకపోయింది. అతను కింద కూలబడి ఆవిడ మణికట్టు అందుకున్నాడు. మూడు వారాలుగా రోజూ చేసిన పనే, వేళ్ళు వాటంతట అవే చోటు వెతుక్కున్నాయి. లెక్క మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, తర్వాత ఏమీ లేదు. తర్వాత నాలుగైదు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. మళ్ళీ ఖాళీ, మళ్ళీ గబగబా రెండు, ఒకటి మాత్రం అంతంత మాత్రంగా. తన నాడి ఎంత వేగంగా కొట్టినా వరస తప్పేది కాదు. ఇందులో వరసే లేదు. అతను లెక్క వదిలేసి ఫోన్ తీశాడు.

పెంచల్ కారు మాట్లాడుకుని వచ్చేలోగా రొయ్యల గుంట కాపలావాడు నీళ్ళు తెచ్చి ఇచ్చాడు. డాక్టర్ రోజారమణి ఈసీజీ తీసి, ఒక ఇంజెక్షన్ ఇచ్చి, ఆక్సిజన్ పెట్టించి అంబులెన్సులో నెల్లూరు పంపింది. పంపే ముందు జీవానందాన్ని పక్కకు పిలిచి, ఆవిడకు ఆయాసం ఎన్నాళ్ళ నుంచి అని అడిగింది. తెలియదన్నాడు. రోజూ మీతో నడుస్తోంది కదా, మాట్లాడగలిగిందా అని అడిగింది. అతను వెళ్ళి అంబులెన్సు ఎక్కాడు.

నెల్లూరు ఆసుపత్రిలో గుండెకు స్కాన్ చేశారు. అక్కడి పెద్ద డాక్టరు తెర మీద చూపించి చెప్పాడు. చిన్నప్పుడు వచ్చిన కీళ్ళ జ్వరం గుండె లోపలి కవాటాన్ని పాడుచేసింది. అది ఏళ్ళ తరబడి ముడుచుకుపోతూ వచ్చింది. దాని వెనక గది సాగిపోయి లయ తప్పింది, ఊపిరితిత్తుల్లోకి నీరు చేరింది. పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చునే ఉంటుంది, పాట పాడితే దమ్ము చాలక ఆపేసే ఉంటుంది, మీరు గమనించలేదా అన్నాడు. జీవానందం గమనించాడు. ప్రతి ఒక్కటీ గమనించాడు. అన్నిటికీ ఒకే పేరు పెట్టుకున్నాడు.

నడక వల్లే ఇలా అయిందా అని అడిగాడు. జబ్బు నడక వల్ల రాలేదు, ఎప్పటిదో, కానీ ఈ గుండెకు ఆ వేగం మోయలేని బరువు అన్నాడు డాక్టరు. రెండు మూడేళ్ళ కిందట వచ్చి ఉంటే బెలూన్‌తో కవాటాన్ని వెడల్పు చేయడం కుదిరేదేమో. ఇప్పుడది రాయిలా గట్టిపడింది, పైగా లోపల రక్తపు గడ్డ ఉంది. కవాటం మార్చాలి. ముందు మందులతో నిలబెట్టి చెన్నై పంపుతాం. ఆపరేషన్‌ను తట్టుకుంటుందా అంటే మాట ఇవ్వలేను అన్నాడు.

రెండో రోజు సాయంత్రానికి నీరు కాస్త తగ్గింది. ఆక్సిజన్ గొట్టం ముక్కుకు ఉంది గానీ అబిగయీలు మాట్లాడగలుగుతోంది. పెంచల్ పళ్ళు తెచ్చి ఇచ్చి, ఆఫీసులో సెలవు చెప్పానని, నీ నాడి చూసుకుంటున్నావా అని అలవాటు కొద్దీ అడిగి నాలిక కరుచుకుని వెళ్ళిపోయాడు. జీవానందం మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. తన గుండె బాగానే కొట్టుకుంటోందని అతనికి తెలుస్తోంది. అది తెలిసినందుకే తన మీద తనకు అసహ్యం వేసింది.

దుప్పటి సర్ది అడిగాడు.

"ఆయాసమని ఒక్క మాట చెప్పకూడదా మే?"

అబిగయీలు పైకప్పు వంక చూస్తూ ఆగి ఆగి చెప్పింది. మొదట్లో వయసనుకుందట. తర్వాత చెప్తే అతను నడక మానేస్తాడని భయపడిందట. అంకె తగ్గిందని క్యాలెండర్ ముందు నిలబడి అంత సంతోషంగా ఉంటే ఎట్టా చెప్పేది అంది. అదీగాక పక్కన నడవడం ఆవిడకూ బాగుందట, ఎంత వెనకబడినా.

"ఆ పొద్దు స్తంభం కాడ పిలిచినా మిమ్మల్ని. రెండు తూర్లు పిలిచినా. గొంతు బయటికి రాలా. మీరు ఎనక్కి తిరిగి చూసినారు. వస్తారనుకున్నా."

జీవానందం మంచం పట్టీ మీద తల ఆనించాడు. ఇన్నాళ్ళు దాచుకున్న క్షమాపణ అంతా ఒక్కసారిగా బయటికి వచ్చింది. ఆ శనివారం, ఓడ కాగితాలు, మగ్దలీనమ్మ పెట్టె, ఏడాది పాటు అలిగావనుకుని పేపరు అడ్డం పెట్టుకున్న సంగతి, అన్నీ ముక్కలు ముక్కలుగా చెప్పాడు. నువ్వు అలక తీరి మాట్లాడతావని ఎదురు చూశానన్నాడు.

అబిగయీలు ముఖం ఇటు తిప్పి అతన్ని చూసింది. ఆ చూపులో కోపం లేదు, ఉంటే అతనికి కాస్త తెరిపిగా ఉండేది.

"అమ్మ పోయినప్పుడు అలిగినా, నిజమే" అంది. ఊపిరి తీసుకుంది. "పది దినాలు అలిగినా. ఆ తర్వాత మాట్లాడంది మీరే."

నర్సు వచ్చి, పేషెంటు చేత ఎక్కువ మాట్లాడించవద్దని చెప్పి, అతన్ని బయట కూర్చోమంది.